ఏమీ అడగని కానుక

యానాంలో అడవిపొలం అనే ఊళ్ళో మా చెల్లెలి ఇల్లు. దాని కూతురు ఇంటర్లో బైపీసీ పూర్తి చేసి, ఒకసారి నీట్ రాసింది. సీటు రాలేదు. రెండోసారి రాయడానికి చదువుతోంది. దీన్నే కోచింగుల వాళ్ళు లాంగ్ టర్మ్ అంటారు. మొదట్లో కాకినాడలో హాస్టల్లో ఉంది. అక్కడ తిండి సయించక, నిద్ర పట్టక ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు వీధి వైపు గదిలో కూచుని సొంతంగా చదువుకుంటోంది.

మొన్న సంక్రాంతికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల బల్ల మీద చుట్టాలు ఇచ్చిన కానుకలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. బాబాయి హైదరాబాదు నుంచి పంపిన ట్యాబు, అన్నయ్య ఇచ్చిన స్మార్ట్ వాచీ, చెవులు మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు, జీవితంలో గెలవడం ఎలాగో చెప్పే పుస్తకాలు మూడు, రిబ్బను కట్టిన కొత్త స్టెతస్కోపు. స్టెతస్కోపు ఇచ్చింది వాళ్ళ పెదనాన్న. అందరూ ప్రేమతో ఇచ్చినవే. నేనూ ఒకటి కొనుక్కుని వెళ్ళాను. మంచి చేతి గడియారం. టైము చూసుకుంటూ రాస్తుంది కదా అనుకున్నాను.

పిల్ల దాన్ని చేతికి పెట్టుకుని చూసుకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది. "చాలా బాగుంది మావయ్యా. కానీ నీట్ హాల్లోకి ఏ వాచీ అయినా సరే రానివ్వరు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. చాలా ఏళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో కనుక్కోకుండా ఆ పరీక్ష కోసం కానుక కొన్నాను. సివిల్స్ రాసేవాళ్ళకైతే మామూలు ముళ్ళ వాచీ పనికొస్తుంది, యూపీఎస్సీ దాన్ని అనుమతిస్తుంది. నీట్‌లో అలా కుదరదు. గదిలో గోడ మీద ఉన్న గడియారం చూసుకుని రాయాలి. ఇంట్లో ఏడాదంతా మణికట్టు చూసుకోవడానికి అలవాటుపడిన పిల్ల, తీరా ఆ రోజు హాల్లో ఖాళీ చేతిని చూసుకుంటుంది. సాయం చేద్దామని ఇచ్చిన వస్తువు సరిగ్గా అవసరమైన పూట లేకుండా పోతుందన్నమాట.

పండక్కి మూడు రోజులు అక్కడే ఉన్నాను. ఈసారి ఏదైనా కొనే ముందు ఆ గదిలో ఏం జరుగుతోందో చూద్దామనుకున్నాను. ఈ పూట మీకు చెప్పబోయేది ఆ మూడు రోజుల్లో చూసినదీ, ఆ తర్వాత చేసినదీ.

ముందుగా ఆ బల్ల మీద వస్తువుల సంగతి. వాటిలో ఒక్కొక్కటీ ఆ పిల్లను రోజూ ఏదో ఒకటి అడుగుతోంది. ట్యాబు ఛార్జింగు అడుగుతుంది, అప్‌డేటు అడుగుతుంది. బాబాయి ఫోను చేసినప్పుడల్లా "ఆ వీడియోలు చూస్తున్నావామ్మా" అని అడుగుతాడు. స్మార్ట్ వాచీ ఇన్ని అడుగులు నడవలేదని చెబుతుంది, రాత్రి సరిగ్గా నిద్రపోలేదని చెబుతుంది. నిద్రపోలేదని ఆ పిల్లకు తెలియదా? తెల్లారి లేవగానే ఆ అంకె చూసి మరింత దిగులు పడుతోంది. గెలుపు పుస్తకాలు చదవలేదన్న బాకీ మాట గుర్తుచేస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పాట కావాలనిపిస్తుంది, పాట కోసం ఫోను తీయాలి.

అన్నిటికంటే బరువైనది స్టెతస్కోపు. యానాం ప్రాంతం చిన్నది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని సీట్లను సెంటాక్ ద్వారా భర్తీ చేస్తారు. అందులో యానాం వాళ్ళకంటూ కేటాయించేవి చాలా కొద్ది. అందుకని ఎవరి పిల్లలు రాస్తున్నారో, ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో అందరికీ తెలుసు. పాలు పోసే అతను కూడా "డాక్టరమ్మగారు లేచారా" అంటాడు. దీనికి తోడు ఆ స్టెతస్కోపు రోజంతా ఎదురుగా. ఇంకా రాని సీటుకు ముందే ఇచ్చేసిన బహుమతి అది. సీటు రాకపోతే దాన్ని ఏం చెయ్యాలి? ఎవరికి తిరిగి ఇవ్వాలి? ఈ ప్రశ్న పిల్ల ఎవరితోనూ అనలేదు, నాతోనూ అనలేదు. కానీ మూడో రోజు ఉదయం దాన్ని పాత చీర ముక్కలో చుట్టి వాళ్ళమ్మ చేతికిచ్చింది. "బీరువాలో పెట్టమ్మా, తర్వాత తీసుకుంటాను" అంది. మా చెల్లెలు ఏమీ అనకుండా తీసుకెళ్ళి లోపల పెట్టింది. నాకు తెలిసినంతలో ఈ ఏడాది ఆ పిల్లకు తల్లి చేసిన మంచి పనుల్లో అదొకటి.

"సీటొస్తే స్కూటీ కొనిపెడతా" అనే మాటనూ నేను ఈ కోవలోనే వేస్తాను. చెప్పేవాళ్ళకు అది ఉత్సాహం. వినే పిల్లకు, సీటు రాకపోతే పోయేవి రెండయ్యాయి. ఇవ్వాలనుకుంటే స్కూటీ ఎలాగూ ఇవ్వండి, లేకపోతే ఆ ఊసే ఎత్తకండి.

అందుకని కానుక కొనేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను. ఇచ్చిన మర్నాటి నుంచీ ఇది ఆ పిల్లను ఏమడుగుతుంది? ఏమీ అడగకుండా, గదిలో ఉన్న ఒక చిరాకును తీసేసి, తాను కనిపించకుండా పోయే వస్తువేదో అది కొనాలి. ఈ ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాక నేను కొన్న కానుకలు మూడే మూడు. ఒక గోడ గడియారం, కిటికీకి దోమల మెష్, ఓ కట్ట జిరాక్సు కాగితాలు. ఒక్కొక్కటీ చెబుతాను.

గడియారంతో మొదలుపెడతాను. ఆ మూడు రోజుల్లో పిల్ల ఫోను ఎందుకు తీస్తోందో లెక్క చూశాను. సగానికి సగం సార్లు టైము చూడ్డానికే తీస్తోంది. అలారం ఫోన్లోనే, టైమరు ఫోన్లోనే. నాలుగున్నరకు అలారం ఆపడానికి ఫోను పట్టుకుంటుంది. పట్టుకోగానే రాత్రి వచ్చిన మెసేజీలు కనిపిస్తాయి. స్నేహితురాలికి మాక్ టెస్టులో ఎన్నొచ్చాయో అందులో ఉంటుంది. అంతే, పుస్తకం తెరవకముందే ఆ రోజు పాడైంది. పిల్లకు మనోనిబ్బరం లేదని వాళ్ళ నాన్న అన్నాడు. నాకలా అనిపించలేదు. గదిలో ఇంకో గడియారం లేదు, అంతే.

2017లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ వార్డ్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థుల ఫోన్లన్నీ నిశ్శబ్దంగా పెట్టించి, కొందరివి బల్ల మీద, కొందరివి జేబులోనో సంచిలోనో, కొందరివి పక్క గదిలో ఉంచారు. తర్వాత ఏకాగ్రత కావలసిన పరీక్షలు పెట్టారు. ఫోను మోగకపోయినా సరే, పక్క గదిలో పెట్టినవాళ్ళు బల్ల మీద పెట్టినవాళ్ళకంటే బాగా చేశారు. తర్వాత ఇలాంటివే చేసిన వాళ్ళందరికీ ఇదే ఫలితం రాలేదు కాబట్టి, ఇది తిరుగులేని సూత్రమని చెప్పను. కానీ ఫోను పక్క గదిలో పెడితే పోయేదేమీ లేదు. దాన్ని పక్క గదిలో పెట్టాలంటే మాత్రం ఈ గదిలో గడియారం ఉండి తీరాలి.

గడియారం కొనడంలో ఒక మెలకువ ఉంది. చవకగా దొరికే గోడ గడియారాల్లో సెకన్ల ముల్లు ఒక్కో సెకనుకు ఒక్కో గెంతు వేస్తుంది. గెంతినప్పుడల్లా టక్కుమంటుంది. పగలు అది వినబడదు. రాత్రి పదిన్నరకు, వీధి సద్దుమణిగాక, చెవి పక్కనే సుత్తి కొట్టినట్టుంటుంది. ముల్లు గెంతకుండా నీళ్ళ మీద జారినట్టు ఒకే తీరున తిరిగే రకం వేరే ఉంది. దానికి చప్పుడు ఉండదు. దుకాణంలో బ్యాటరీ వేయించి, ముల్లు గెంతుతోందా జారుతోందా అని చూడండి, తర్వాత చెవి దగ్గర పెట్టుకోండి. దుకాణంలో రొదగా ఉంటే ఓ పక్కకు వెళ్ళి మళ్ళీ వినండి. అంకెలు పెద్దవిగా, తెల్ల ముఖం మీద నల్లగా ఉండాలి. బొమ్మలూ, సూక్తులూ వద్దు.

నేను దాన్ని బల్లకు ఎదురుగోడకు పెట్టలేదు. ఎదురుగా ఉంటే తలెత్తినప్పుడల్లా కళ్ళకు తగులుతుంది. కాస్త పక్కగా, తల తిప్పితే కనిపించేట్టు, ఆరేడు అడుగుల దూరంలో మేకు కొట్టాను. పరీక్ష హాల్లో గడియారం ఎక్కడుంటుందో మన చేతిలో ఉండదు. తల తిప్పి దూరం నుంచి టైము చదవడం ఇంట్లోనే అలవాటు కావాలి. అలారానికి వేరే చిన్న గడియారం, మంచానికి దూరంగా, లేచి వెళ్ళి ఆపేట్టు పెట్టాం. ఫోను వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. రాత్రి భోజనం అయ్యాక అరగంట దానిది. ఆ అరగంట పిల్లే పెట్టుకుంది, మేం పెట్టింది కాదు. అందుకే నిలిచింది.

ఇక దోమల సంగతి. గోదావరి పాయ పక్క ఊళ్ళు మావి. చుట్టూ కాలవలు, చెరువులు. సాయంత్రం ఆరు కొట్టేసరికి దోమలు దండుగా వస్తాయి. సంక్రాంతి రోజుల్లోనే ఇలా ఉంటే వేసవి సంగతి చెప్పక్కర్లేదు. పిల్ల చదివే గంటల్లో మంచివి ఆరు నుంచి తొమ్మిది. ఆ మూడు గంటలూ ఒక చేత్తో కాళ్ళు గోక్కుంటూ, ఒక చేత్తో పెన్ను పట్టుకుంటోంది. కాయిల్ వెలిగిస్తే పొగకు తలనొప్పి. కిటికీ మూస్తే ఉక్క. ఫ్యాను పెంచితే కాగితాలు ఎగురుతాయి. రాత్రి దుప్పటి కప్పుకుంటే చెమట, తీసేస్తే దోమ. ఒంటిగంటకూ, మూడింటికీ లేస్తోంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పుస్తకం మీదే తల వాల్చేస్తోంది. "దీనికి టెన్షనెక్కువ, నిద్ర పట్టదు" అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నాకైతే టెన్షను సగమే కనిపించింది. మిగతా సగం దోమలు.

మొదట మంచానికి దోమతెర కొందామనుకున్నాను. నిద్రకు అది సరిపోతుంది, చదువుకోవడానికి పనికిరాదు. పైగా సన్న కన్నాల తెర ఫ్యాను గాలిని బాగా అడ్డుకుంటుంది, మే నెలలో లోపల పడుకున్నవాళ్ళకు ఉక్కపోస్తుంది. అందుకని కిటికీకే మెష్ వేద్దామనుకున్నాను. అతుక్కునే పట్టీ కిటికీ చట్రానికి అంటించి, దాని మీద మెష్ గుడ్డను నొక్కుతారు. కావాలన్నప్పుడు ఊడదీసి ఉతుక్కోవచ్చు. కిటికీ కొలతలిస్తే కుట్టి ఇస్తారు.

ఇందులో జనం పొరబడేది ఎక్కువగా కొలత దగ్గర. గ్రిల్లు ఉన్న ఖాళీని కొలుచుకుని అంతే మెష్ తెస్తారు. కొలవాల్సింది చుట్టూ ఉన్న చెక్క చట్రాన్ని, పట్టీ ఎక్కడ అంటుకుంటుందో అక్కడి వరకు. నాలుగు పక్కలా, పైనా కిందా వెడల్పు వేరువేరుగా కొలవండి. పాత ఇళ్ళ కిటికీలు నిఖార్సయిన చదరంగా ఉండవు. మా చెల్లెలింట్లో పై వెడల్పుకూ కింది వెడల్పుకూ అర అంగుళం తేడా వచ్చింది. పెద్ద కొలతే తీసుకోవాలి.

రెండో పొరపాటు అంటించడంలో. చట్రం మీద పాత రంగు పెచ్చులు లేచి ఉంటే పట్టీ ఆ పెచ్చుకే అంటుకుంటుంది, పెచ్చుతో పాటు ఊడి వస్తుంది. పైగా ఇది సముద్రపు గాలి తగిలే చోటు, చెమ్మ ఎక్కువ. నేను గరుకు కాగితంతో రంగు గీకి, పొడి గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం పట్టీ అంటించాను. వెంటనే మెష్ తగిలించకుండా ఆ రాత్రంతా వదిలేశాను. పట్టీకి పట్టు దొరకాలి కదా. మర్నాడు మూలల్లో నాలుగు చిన్న మేకులు కూడా కొట్టాను. రెండు కిటికీలకూ కలిపి నా వాచీ ఖరీదులో పావు వంతు కూడా కాలేదు.

సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది. చీకటి పడ్డాక గదిలో లైటు వేసి, మెష్ చుట్టూ అంచుల వెంట వేలు నడపండి. ఎక్కడ గాలి వేలికి ప్రత్యేకంగా తగులుతుందో అక్కడ సందుంది. వీధి వైపు తలుపు ఆరు నుంచి ఏడున్నర వరకు మూసి ఉండాలి. ఇది పాటించకపోతే మెష్ వేసీ లాభం లేదు, లోపలికి వచ్చిన దోమలు బయటకు కూడా పోవు. నెలకోసారి ఊడదీసి సబ్బు నీళ్ళలో ఉతకాలి. దుమ్ము పడితే గాలి ఆడదు. ఈ ఉతికే పని పిల్లది కాదని మా చెల్లెలితో ముందే ఒప్పందం. అది కూడా కానుకలో భాగమే. ఒక్క మాట కూడా చెప్పాలి. డెంగీ దోమ పగటి పూటే కుడుతుంది. మెష్ ఉంది కదా అని పెరట్లో కుండీల కింద నీళ్ళు నిలవనివ్వకూడదు. మే నెల ముందు జ్వరం తగిలితే ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు.

వారం పోయాక మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, అది రాత్రి లేవడం లేదు" అంది. ఇంకేమీ చెప్పలేదు. పిల్ల మధ్యాహ్నం తల వాల్చడం కూడా తగ్గిందని ఆదివారం వెళ్ళినప్పుడు నేనే చూశాను.

ఆ ఆదివారమే నా మూడో కానుక. ఇది కాస్త పెద్దది, వివరంగా చెప్పాలి.

నీట్ మామూలుగా మే నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి వరకు. 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్సు 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి తగ్గిస్తారు. మొత్తం 720. కంప్యూటరు లేదు, కాగితం మీదే. ఓఎంఆర్ పత్రం మీద నల్ల బాల్ పెన్నుతో గుండ్రాలు నింపాలి. ఒకసారి నింపితే మార్చుకోవడానికి లేదు.

పిల్ల ఇంట్లో మాక్ టెస్టులన్నీ ఫోన్లో రాస్తోంది. తెర మీద తాకితే జవాబు పడుతుంది, అయిపోగానే మార్కులు కనిపిస్తాయి. చేతికి గుండ్రాలు నింపే అలవాటు లేదు. అందరూ నిమిషానికో ప్రశ్న అని లెక్క వేసుకుంటారు. ఒక గుండ్రం శుభ్రంగా నింపడానికి ఐదు సెకన్లు వేసుకున్నా 180 గుండ్రాలకు 15 నిమిషాలు పోతుంది. ఆలోచించడానికి మిగిలేది 165 నిమిషాలు, అంటే ప్రశ్నకు 55 సెకన్లు. తేడా చిన్నదే. కానీ ఇంట్లో ఆ తేడా ఎదురుకాని పిల్లకు హాల్లో చివరి పదిహేను నిమిషాల్లో చేతులు వణుకుతాయి. పోయిన ఏడు మా పిల్లకు జరిగింది సరిగ్గా ఇదే.

అందుకని జిరాక్సు షాపుకు వెళ్ళి ఓఎంఆర్ నమూనా పత్రాలు వేయించాను. పాత ప్రశ్నపత్రాలు అచ్చు తీయించి, ఒక్కొక్కటీ ఒక్కో కవరులో పెట్టి అంటించాను. పది కవర్లు, పది ఆదివారాలు. ఓ డజను నల్ల బాల్ పెన్నులు. కవరు మీద ఏ మాటా రాయలేదు. ఆల్ ది బెస్ట్ కూడా రాయలేదు. నేను కాకినాడ నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి ఒంటిగంటకల్లా అడవిపొలం చేరతాను. ముప్పై కిలోమీటర్ల దూరం. రెండింటికి కవరు చింపి ఇచ్చి, గది మూల కుర్చీలో కూచుంటాను. ఐదింటికి పత్రాలు తీసుకుంటాను. మూడు గంటలూ పలకను. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగను. మార్కులు నేను వేయను, అడగను. అవి పిల్ల సోమవారం తానే చూసుకుంటుంది. ఈ చివరిదే చాలా కష్టం. మేష్టరుగా పనిచేసినవాడికి జవాబు పత్రం చేతిలో పెట్టుకుని చూడకుండా ఉండటం మామూలు విషయం కాదు. కానీ నేను మార్కులు చూసిన రోజున ఆ కానుక నాది అయిపోతుంది.

మొదటి ఆదివారం ఒక సంగతి బయటపడింది. పిల్ల 62వ ప్రశ్న తర్వాత చూద్దామని వదిలేసింది. ఓఎంఆర్ మీద మాత్రం ఆ వరస వదల్లేదు. 63 జవాబు 62లో పడింది, 64ది 63లో. 71 దగ్గర గాని తెలుసుకోలేదు. ఇలా వరస తప్పిన తొమ్మిది సరైన జవాబులూ తప్పులైతే, వచ్చేవి 36 పోతాయి, పైన తొమ్మిది తగ్గుతాయి. 45 మార్కులు పాఠం రాక పోయినవి కావు. పిల్ల ఏడ్చింది. నేను మూల కుర్చీలోంచి లేవలేదు. పావుగంట తర్వాత తనే కళ్ళు తుడుచుకుని మిగతాది రాసింది. ఈ ఏడుపు హాల్లో రావాల్సింది ఇంట్లో వచ్చిందని నాకు సంతోషమే వేసింది.

రెండో ఆదివారానికి తనే ఒక పద్ధతి పెట్టుకుంది. పదేసి ప్రశ్నలకు ఒకసారి ఆగి, ప్రశ్న సంఖ్యా గుండ్రం సంఖ్యా ఒకటేనా అని చూసుకుంటుంది. వదిలేసిన ప్రశ్నకు ప్రశ్నపత్రం మీద గుర్తు పెడుతుంది. చెమట పత్రానికి అంటకుండా మడతపెట్టిన ప్రశ్నపత్రాన్ని చేతి కింద పెట్టుకుంటుంది. బయాలజీ ముందు, ఫిజిక్సు చివర అని వరస కూడా మార్చింది. వీటిలో ఒక్కటీ నేను చెప్పింది కాదు.

ఇలా పరీక్షలు రాయడం వల్ల పాఠం కూడా బాగా నిలుస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతి చూపించారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మళ్ళీ మళ్ళీ చదివినప్పుడు వచ్చినట్టు అనిపించడమే ఎక్కువ, అందుకే హాల్లో ఖంగుతింటారు.

రెండింటి నుంచి ఐదింటి వరకు అన్న గంటలు కూడా ముఖ్యమే. మన ఇళ్ళల్లో ఆదివారం మధ్యాహ్నం అంటే కోడికూర, తర్వాత కునుకు. మే నెలలో ఆ కునుకు వేళే పరీక్ష. గేటు ఒంటిన్నరకు మూసేస్తారు, పిల్లలు ముందే లోపలికి వెళ్ళి కూచోవాలి కాబట్టి ఆ రోజు భోజనం పదకొండింటికో, ఇంకా ముందో అవుతుంది. అందుకని ఆదివారాలు మా చెల్లెలు పదకొండింటికే పప్పూ చారూ పెరుగూ పెడుతుంది. కోడికూర రాత్రికి. ఇంట్లో మిగతావాళ్ళు కూడా రాత్రే తింటున్నారు. చుట్టాలు తెచ్చే కాకినాడ కాజాలూ, పూతరేకులూ ఐదు దాటాకే విప్పుతారు.

ఇంకొకటి కొన్నాను, అది కానుక అనదగ్గది కాదు. ఒక చవక రఫ్ నోట్సు. కవరు చింపే ముందు పది నిమిషాలు, మనసులో ఏది భయంగా ఉంటే అది అందులో రాయమన్నాను. రాసిన కాగితం చింపి పొయ్యిలో వేసెయ్యమన్నాను. 2011లో షికాగో విశ్వవిద్యాలయంలో రమిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు, పరీక్షకు ముందు ఇలా భయాలు రాసుకున్న పిల్లలు మెరుగ్గా రాశారని ప్రచురించారు. తర్వాత అదే మళ్ళీ చేసి చూసినప్పుడు ఆ ఫలితం గట్టిగా రాలేదు. కాబట్టి మార్కుల కోసం దీన్ని చెప్పడం లేదు. మా పిల్లకు అది రాసిన రోజున చేయి త్వరగా స్థిమితపడుతోంది, అంతవరకే చెప్పగలను. నోట్సు చవకది కావడం మాత్రం అవసరం. అట్టమీద బంగారు పూలున్న డైరీ ఇస్తే అందులో అందంగా రాయాలనిపిస్తుంది, చింపడానికి మనసొప్పదు.

అన్ని చిరాకులూ కానుకలతో పోవు. పిల్ల వరసగా వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, బతకడం దండగ లాంటి మాటలు అన్నా, అప్పుడు కావలసింది డాక్టరు. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా చెయ్యవచ్చు. ఆ నంబరు పిల్లకు చూపించడానికి సిగ్గుపడకండి.

ఇప్పటికి ఆరు కవర్లు అయ్యాయి, ఇంకా నాలుగున్నాయి. నేను తెచ్చిన వాచీ వాళ్ళ నాన్న చేతికి ఉంది, ఆయనకు బాగానే నప్పింది. ట్యాబును బాబాయికి చెప్పి కొన్నాళ్ళు పక్కన పెట్టాం, ఆయన ఏమీ అనుకోలేదు. రేపు ఉగాదికి పరీక్ష రాసే పిల్లలున్న ఇళ్ళకు మీలో చాలామంది వెళతారు. ఖాళీ చేతుల్తో వెళ్ళినా తప్పులేదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఆ పిల్ల గదిలో మాట్లాడకుండా కూచోండి. ఆ రెండు గంటల్లో ఏది ఆ పిల్లను పుస్తకం మీంచి లేపుతోందో చూడండి. వెళ్ళేటప్పుడు జేబులో ఒక కొలత టేపు పెట్టుకోండి.